మన డిగ్రీకి కెనడాలో లెక్క కట్టేదెలా?

కెనడా వలస దరఖాస్తులు చూసే అధికారికి ఉస్మానియా యూనివర్సిటీ 1918లో పుట్టిందని తెలియనక్కర్లేదు. జేఎన్‌టీయూ 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం అంటూ విడిపోయిన సంగతి గానీ, అటానమస్ కాలేజీలో చదివినవాళ్లకు మార్కుల మెమో కాలేజీ నుంచి, డిగ్రీ పట్టా యూనివర్సిటీ నుంచి వస్తాయన్న సంగతి గానీ ఆ అధికారి ఎరిగి ఉండాల్సిన పని లేదు. గుంటూరులో బీకాం చేసినవాళ్ల దరఖాస్తూ, మనీలాలో నర్సింగ్ చదివినవాళ్లదీ, లాగోస్‌లో ఇంజినీరింగ్ పూర్తి చేసినవాళ్లదీ అదే వరసలో వస్తాయి. ఒక్కో దేశానిది ఒక్కో చదువు పద్ధతి. వాటన్నిటినీ కెనడా చదువుల మెట్ల మీద ఎక్కడెక్కడ నిలబెట్టాలో తేల్చే పనిని ప్రభుత్వం కొన్ని సంస్థలకు అప్పగించింది. అవి ఇచ్చే నివేదికనే ఎడ్యుకేషనల్ క్రెడెన్షియల్ అసెస్‌మెంట్ అంటారు. దరఖాస్తుదారుల నోట్లో అది ‘ఈసీఏ’.

కెనడాలో శాశ్వత నివాసం, అంటే పీఆర్, కోసం ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ దారిలో వెళ్లేవారికి ఈసీఏ తప్పనిసరి అయింది 2013 మే 4 నుంచి. అంతకు ముందు పట్టా స్థాయితో పాటు మొత్తం ఎన్నేళ్లు చదివారన్నదాన్ని కూడా చూసి పాయింట్లు వేసేవారు. అన్నేళ్లు చదివినా ఆ చదువు కెనడాలో దేనికి సమానమో ఆ లెక్కలో తేలేది కాదు. 2015 జనవరి 1న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ వచ్చాక ఈసీఏ ప్రాధాన్యం ఇంకా పెరిగింది. అభ్యర్థులందరినీ మార్కుల వరసలో నిలబెట్టి పైనున్నవారిని పిలిచే పద్ధతి అది. ఆ మార్కుల్లో చదువు వాటాను నిర్ణయించేది ఈసీఏ నివేదికలో ఉండే ఒకే ఒక్క వాక్యం.

నివేదికలో మిగతా భాగమంతా వివరాలే. పేరు, యూనివర్సిటీ, చదివిన సంవత్సరాలు, పట్టా పేరు ఉంటాయి. చివరన ‘కెనడాలో దీనికి సమానం’ అని ఒక ఫలితం ఉంటుంది. బీటెక్ చేసినవారికి మామూలుగా అక్కడ ‘బ్యాచిలర్స్ డిగ్రీ, నాలుగేళ్లు’ అని కనిపిస్తుంది. మూడేళ్ల బీకాం, బీఎస్సీ చదివినవారికి ‘బ్యాచిలర్స్ డిగ్రీ, మూడేళ్లు’ అని వస్తుంటుంది. వలస అధికారికి కావలసింది ఆ ముక్కే.

ఏం చూస్తారు, ఏం చూడరు

మదింపు చేసేవారు మొట్టమొదట తేల్చుకునేది కాగితాలు అసలువేనా అన్నది. అందుకే అభ్యర్థి చేతిలోని మెమోలను మాత్రమే నమ్ముకోరు. మార్కుల వివరాలు నేరుగా యూనివర్సిటీ నుంచే రావాలంటారు.

తర్వాత చూసేది ఆ సంస్థకు గుర్తింపు ఉందా అని. మన దేశంలో డిగ్రీ ఇచ్చే అధికారం చట్టం ద్వారా ఏర్పడిన యూనివర్సిటీలకు, డీమ్డ్ హోదా ఉన్నవాటికి, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకే ఉంటుంది. యూజీసీ నకిలీ యూనివర్సిటీల జాబితాను ప్రకటిస్తూ ఉంటుంది. ఆ జాబితాలో ఉన్నచోట ఎంత కష్టపడి చదివినా ఈసీఏలో దానికి విలువ ఉండదు. అమీర్‌పేటలో ఆరు నెలలు నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ కోర్సు ఉద్యోగానికి పనికొచ్చి ఉండవచ్చు. కానీ ప్రైవేటు శిక్షణ కేంద్రం ఇచ్చిన ఆ సర్టిఫికెట్‌ను డిగ్రీ తర్వాతి మరో చదువుగా లెక్కించరు. దూరవిద్యలో చదివినవారి విషయంలో, ఆ యూనివర్సిటీకి ఆ కోర్సును దూరవిద్యలో నడపడానికి ఆ ఏడాది అనుమతి ఉందా అన్న ప్రశ్న కూడా వస్తుంది.

మూడోది అసలు కీలకం. ఆ కోర్సులో చేరాలంటే అంతకు ముందు ఏం చదివి ఉండాలి, కోర్సు ఎన్నేళ్లు, అది ఏ స్థాయిది, అది పూర్తయ్యాక పైన ఏ చదువుకు అర్హత వస్తుంది అన్నవి కలిపి చూస్తారు. ఇంటర్ తర్వాత నాలుగేళ్ల బీటెక్ అనేసరికి లెక్క తేలిక. పదో తరగతి కాగానే చేరే పాలిటెక్నిక్ డిప్లొమాకు తేలిక కాదు. మూడేళ్ల కోర్సే అయినా అందులో కొంత భాగం కెనడాలో హైస్కూలు చదివే వయసులో గడిచిపోతుంది. ‘మూడేళ్లు చదివాను కాబట్టి మూడేళ్ల డిగ్రీకి ఇచ్చే పాయింట్లే వస్తాయి’ అనుకున్నవారు దెబ్బతినేది ఇక్కడే.

ఇక చూడనివి. వలస కోసం చేసే ఈసీఏలో మార్కుల శాతానికి పాయింట్లు లేవు. డిస్టింక్షన్‌లో పాసైనా, నాలుగు బ్యాక్‌లాగులు రాసి గట్టెక్కినా, పట్టా చేతికొచ్చిందంటే ఫలితం ఒకటే. సబ్జెక్టువారీగా గ్రేడ్లు లెక్కగట్టి ఇచ్చే పెద్ద నివేదిక ఒకటి వేరే ఉంది. అది అక్కడి యూనివర్సిటీల్లో చేరేవారికి ఉపయోగపడుతుంది. పీఆర్ దరఖాస్తుకు ఆ వివరం అక్కర్లేదు. వలస పనుల కోసం ఇచ్చే ఈసీఏ కాని వేరే నివేదికను కొని తెచ్చుకుంటే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో చెల్లదు. దరఖాస్తు మొదలుపెట్టేటప్పుడే సరైన రకాన్ని ఎంచుకోవాలి. ఉద్యోగ అనుభవాన్నీ ఈసీఏ చూడదు. ఇంగ్లిష్ ఎంత బాగా వచ్చో కూడా దానికి అనవసరం. వాటికి వేరే పరీక్షలు, వేరే రుజువులు ఉన్నాయి.

ఒక్క వాక్యం, 33 పాయింట్లు

లెక్క ఎలా పడుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. వరంగల్ అమ్మాయి, వయసు 29, పెళ్లి కాలేదు. మూడేళ్ల బీకాం చేసింది. తర్వాత ఒక గుర్తింపు ఉన్న యూనివర్సిటీలో ఏడాది పీజీ డిప్లొమా పూర్తి చేసింది. హైదరాబాద్‌లో అకౌంటెంటుగా మూడేళ్ల అనుభవం ఉంది. ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో లిజనింగ్‌కు 8, మిగతా మూడింటికి 7 చొప్పున తెచ్చుకుంది. కెనడా భాషా కొలమానంలో ఇది నాలుగు విభాగాల్లోనూ తొమ్మిదో స్థాయి. దీన్నే సీఎల్‌బీ 9 అంటారు.

మొదటి గడప అర్హత. ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ దారిలో 100కి 67 పాయింట్లు రావాలి. ఆమెకు భాషకు 24, వయసుకు 12, మూడేళ్ల అనుభవానికి 11 వస్తాయి. చదువుగా బీకాం ఒక్కటే చూపితే, దాన్ని మూడేళ్ల బ్యాచిలర్స్ డిగ్రీగా ఈసీఏ గుర్తిస్తే, 21 పాయింట్లు. మొత్తం 68. గడప దాటింది. ఒకవేళ ఆ చదువును రెండేళ్ల కోర్సుకు సమానమని తేల్చి ఉంటే 19 పాయింట్లే వచ్చేవి. మొత్తం 66 దగ్గర ఆగిపోయేది. చేతిలో డబ్బూ, అనుభవమూ ఉన్నా ఆ దారి మూసుకుపోయేది.

రెండో గడప పోటీ. అర్హత ఉన్నవారిని సీఆర్‌ఎస్ అనే 1200 పాయింట్ల లెక్కతో వరస పెడతారు. ఆమె వయసుకు 110, భాషకు 124 పాయింట్లు. బీకాం ఒక్కటే చూపితే చదువుకు 120. దీనికి తోడు భాష, చదువు రెండూ బాగుంటే కలిపి ఇచ్చే అదనపు పాయింట్లు ఉంటాయి. ఒక్క డిగ్రీకి అవి 25. మంచి భాషా స్థాయితో పాటు మూడేళ్ల విదేశీ అనుభవం ఉన్నందుకు మరో 50. కెనడా కళ్లతో చూస్తే హైదరాబాద్ ఉద్యోగం విదేశీ అనుభవమే మరి. మొత్తం 429.

ఇప్పుడు పీజీ డిప్లొమాను కూడా ఈసీఏకి పంపిందనుకుందాం. ‘రెండు లేక అంతకు మించిన చదువులు, వాటిలో ఒకటి కనీసం మూడేళ్లది’ అనే వర్గం ఒకటుంది. ఆ వర్గంలోకి వస్తే చదువుకు 120 బదులు 128 వస్తాయి. అంతకంటే ముఖ్యంగా, భాషతో కలిపి ఇచ్చే అదనపు పాయింట్లు 25 నుంచి 50కి పెరుగుతాయి. మొత్తం 462. పరీక్ష మళ్లీ రాయలేదు, అనుభవం పెరగలేదు. రెండో సర్టిఫికెట్‌ను మదింపుకి పంపినందుకు 33 పాయింట్లు కలిశాయి. అదే ఆమె పీజీ డిప్లొమా బదులు మాస్టర్స్ చేసి ఉంటే, ఈసీఏ కూడా దాన్ని మాస్టర్స్ అని ఒప్పుకొని ఉంటే, చదువుకు 135 చొప్పున మొత్తం 469 అయ్యేది.

ఈ లెక్క తెలియక చాలామంది ‘పెద్ద చదువు ఒక్కటి పంపితే చాలు’ అనుకుంటారు. మాస్టర్స్ ఉన్నవారికి అది నిజమే. మాస్టర్స్ వర్గం రెండు చదువుల వర్గం కంటే పైమెట్టు. కానీ డిగ్రీ మీద డిప్లొమా, లేదా రెండు డిగ్రీలు ఉన్నవారు రెండింటినీ మదింపు చేయించుకోకపోతే ఆ వర్గం కింద పాయింట్లు అడగలేరు.

మూడేళ్ల డిగ్రీ చదివినవారిలో ఇంకో భయం కనిపిస్తుంది, బీటెక్ వాళ్ల కంటే తమకు తక్కువ వస్తుందేమోనని. కెనడా పాయింట్ల పట్టికలో మూడేళ్ల బ్యాచిలర్స్‌కూ నాలుగేళ్ల బ్యాచిలర్స్‌కూ తేడా లేదు. ఇద్దరికీ అవే 120. ఈసీఏ నివేదికలో ‘మూడేళ్లు’ అన్న మాట చూసి గుండె జారాల్సిన పని లేదు.

ఈ లెక్కలు పెళ్లి కానివారివి, లేదా భార్య/భర్త వెంట రానివారివి. జంటగా వెళితే ప్రధాన అభ్యర్థి డిగ్రీకి 120 బదులు 112 ఇస్తారు. రెండోవారి చదువుకు గరిష్ఠంగా 10 పాయింట్లు విడిగా కలుపుతారు. ఆ పది కావాలంటే రెండోవారికీ ఈసీఏ ఉండాలి. అది తప్పనిసరి కాదు. అయితే ఇద్దరికీ ఈసీఏ తీసుకుంటే ఎవరి పేరు మీద దరఖాస్తు పెడితే మొత్తం ఎక్కువ వస్తుందో రెండు రకాలుగా లెక్కేసి చూసుకునే వీలుంటుంది. భర్త బీటెక్, భార్య ఎంబీఏ అయిన ఇళ్లలో ఈ లెక్క ఒక్కోసారి ఫలితాన్నే మార్చేస్తుంది.

మన ఉదాహరణలోని అమ్మాయికి 462 వచ్చినంత మాత్రాన పిలుపు ఖాయమని కాదు. 2024లో అందరినీ కలిపి తీసిన డ్రాలన్నీ 500 పైనే ఆగాయి. 2023 నుంచి ఆరోగ్యం, ఫ్రెంచ్ భాష వంటి వర్గాలవారీగా విడి డ్రాలు కూడా తీస్తున్నారు. వాటిలో కటాఫ్ కొన్నిసార్లు బాగా తక్కువగా ఉంటుంది. ఏదైనా రాష్ట్రం నామినేట్ చేస్తే ఒకేసారి 600 కలుస్తాయి. ఈ దారులన్నిట్లోనూ ఫెడరల్ స్కిల్డ్ అర్హతతో ముందుకు వెళ్లేవారికి ఈసీఏ మొదటి మెట్టు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

ప్రభుత్వం ఎంపిక చేసిన సంస్థల నివేదికలే చెల్లుతాయి. మనవాళ్లు ఎక్కువగా వినేది వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్ పేరు. వాడుకలో ‘వెస్’. టొరంటో యూనివర్సిటీకి చెందిన కంపారేటివ్ ఎడ్యుకేషన్ సర్వీస్, ఇంటర్నేషనల్ క్రెడెన్షియల్ అసెస్‌మెంట్ సర్వీస్ ఆఫ్ కెనడా, అల్బర్టా ప్రభుత్వం నడిపే ఐక్వాస్, బ్రిటిష్ కొలంబియాలోని ఐసీఈఎస్ కూడా ఈ పని చేస్తూ వచ్చాయి. ఏ సంస్థ కొత్త దరఖాస్తులు తీసుకుంటోందో, ఎంత సమయం పడుతోందో మారుతూ ఉంటుంది. కాబట్టి కెనడా ప్రభుత్వ వెబ్‌సైట్‌లోని జాబితా చూసి ఎంచుకోవడమే సరైన పద్ధతి.

ఒకే పట్టాకు రెండు సంస్థలు వేరు వేరు ఫలితాలు చెప్పవచ్చు. మూడేళ్ల డిగ్రీ తర్వాత చేసిన రెండేళ్ల పీజీ, యూనివర్సిటీ కాని విద్యాసంస్థ ఇచ్చే పీజీడీఎం లాంటి చోట్ల అభిప్రాయ భేదాలు వస్తుంటాయి. ఇది మోసమూ కాదు, పొరపాటూ కాదు. ఇది మదింపు. అంటే కొలత కంటే తీర్పుకు దగ్గర. ఫలితం నచ్చకపోతే ఆ సంస్థనే పునఃపరిశీలించమని అడగవచ్చు. లేదా మళ్లీ ఫీజు కట్టి ఇంకో సంస్థకు వెళ్లవచ్చు. కొరియర్ ఖర్చు కాకుండానే ఆ ఫీజు 200 కెనడా డాలర్ల పైమాట.

మూడు వృత్తులకు మాత్రం దారి వేరు. డాక్టర్లు మెడికల్ కౌన్సిల్ ఆఫ్ కెనడా ద్వారా, ఆర్కిటెక్టులు తమ వృత్తి సంస్థ ద్వారా, లైసెన్సు కావలసిన ఫార్మసిస్టులు ఫార్మసీ ఎగ్జామినింగ్ బోర్డ్ ఆఫ్ కెనడా ద్వారానే మదింపు చేయించుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో బీఫార్మసీ చదివినవారు చాలామంది ఉన్నందున ఈ చివరిది గట్టిగా గుర్తుంచుకోవాలి. మందుల షాపులోనో ఆస్పత్రిలోనో ఫార్మసిస్టుగా పనిచేస్తూ అదే వృత్తిని దరఖాస్తులో ప్రధాన వృత్తిగా చూపేవారు వెస్ నివేదిక పెడితే చెల్లదు. అదే బీఫార్మసీ చేసి, లైసెన్సు అక్కర్లేని పరిశోధనలోనో మందుల పరిశ్రమలోనో పనిచేసేవారు మామూలు సంస్థల దగ్గరికే వెళ్లవచ్చు. ఏ ఆఫీసు తలుపు తట్టాలన్నది డిగ్రీ పేరును బట్టి కాదు, దరఖాస్తులో రాసే వృత్తిని బట్టి తేలుతుంది.

ఎగ్జామ్ బ్రాంచి చుట్టూ తిరుగుడు

కాగితాల దశలో ఆలస్యం ఎక్కువగా జరిగేది కెనడాలో కాదు, ఇక్కడే. వెస్ పద్ధతినే తీసుకుంటే, ముందు ఆన్‌లైన్‌లో ఖాతా తెరిచి ఫీజు కట్టాలి. అప్పుడు ఒక రిఫరెన్స్ నంబరు వస్తుంది. ఆ నంబరుతో ఉన్న ఫారాన్ని యూనివర్సిటీ ఎగ్జామ్ బ్రాంచికి ఇచ్చి ట్రాన్‌స్క్రిప్ట్‌ల కోసం దరఖాస్తు చేయాలి. డిగ్రీ పట్టా స్కాన్‌ను అభ్యర్థి తానే అప్‌లోడ్ చేస్తారు. మార్కుల వివరాలను మాత్రం యూనివర్సిటీయే కవర్లో పెట్టి, సీలు వేసి, కవరు మడత మీద సంతకం, ముద్ర పడేలా మూసి పంపాలి. నేరుగా ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపే యూనివర్సిటీలూ ఉన్నాయి. ఆ సౌకర్యం ఉన్నచోట పని చాలా తేలికవుతుంది.

ఎక్కడ చెడుతుందో తెలిసి ఉంటే ముందే సరిచూసుకోవచ్చు. కవరు మీద రిఫరెన్స్ నంబరు లేకపోతే అది ఎవరిదో అక్కడివారికి తేలదు. మడత మీద ముద్ర లేకపోతే, లేదా కవరు ఒకసారి తెరిచి అంటించినట్టు కనిపిస్తే తిరస్కరిస్తారు. కవర్లో ట్రాన్‌స్క్రిప్ట్ బదులు జిరాక్స్ కాపీల మీద అటెస్టేషన్ ఉన్నా చిక్కే. కవరు ఇంటికి తెచ్చుకొని ‘లోపల ఏముందో ఒకసారి చూద్దాం’ అని విప్పితే మొత్తం పని మళ్లీ మొదటికొస్తుంది.

రెండో చిక్కు ఓడీ. మనదగ్గర ఉద్యోగాలకు ప్రొవిజనల్ సర్టిఫికెట్, కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో ఉంటే సరిపోతుంది. అందుకని పాసై ఏడేళ్లయినా ఒరిజినల్ డిగ్రీ తీసుకోనివారు ఎందరో. కెనడా గురించి ఆలోచన వచ్చిన రోజే ఓడీకి దరఖాస్తు పెట్టుకుంటే, అది చేతికొచ్చేలోపు భాషా పరీక్ష పూర్తి చేసుకోవచ్చు. ఓడీ కోసం కాసుకుని కూర్చుంటే భాషా పరీక్ష రెండేళ్ల గడువు అక్కడ కరిగిపోతూ ఉంటుంది.

మూడోది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, డిగ్రీ మెమోలో ఇంటిపేరుకు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి వేరుగా, గివెన్ నేమ్ గడి వేరుగా. మన పేర్లు మూడు చోట్ల మూడు రకాలుగా ఉండడం మామూలే. పెళ్లయ్యాక పాస్‌పోర్టులో భర్త ఇంటిపేరు చేర్చుకున్నవారికి ఈ తేడా ఇంకా పెరుగుతుంది. వెస్ ఖాతా తెరిచేటప్పుడు పాస్‌పోర్టులో ఉన్న పేరే రాయాలి. పాత పేరు ఏమిటో చెప్పే చోట సర్టిఫికెట్ల మీది పేరు ఇవ్వాలి. రెండూ ఒకరివే అని చూపే రుజువు దగ్గర పెట్టుకోవాలి. స్పెల్లింగ్ తేడా వల్ల ఫైలు ఆగిపోయాక దాన్ని కదిలించడం కంటే ఇది తేలిక.

విడిపోయిన యూనివర్సిటీల్లో చదివినవారికి ఇంకో ప్రశ్న ఉంటుంది. 2008కి ముందు ఉమ్మడి జేఎన్‌టీయూలో చేరినవారు, తమ కాలేజీ ఇప్పుడు ఏ యూనివర్సిటీ కిందికి వచ్చిందో, తమ రికార్డులు ఎక్కడున్నాయో కనుక్కున్నాకే ఫీజు కట్టడం మంచిది. పట్టా మీద ఉన్న పేరుకూ ట్రాన్‌స్క్రిప్ట్ పంపే యూనివర్సిటీ పేరుకూ తేడా ఉంటే దానికి వివరణ అడగవచ్చు.

పత్రాలన్నీ అంగీకరించాక నివేదిక రావడానికి కొన్ని వారాలు పడుతుంది. వచ్చాక దానిలోని నంబరును ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ప్రొఫైల్‌లో నమోదు చేయాలి. ప్రొఫైల్‌లో ఎంచుకునే చదువు స్థాయి ఈసీఏలో రాసినదానితో సరిపోవాలి. ఇక్కడ చేసే తప్పు చాలా ఖరీదైనది. ‘నేను చేసింది మాస్టర్సే కదా’ అని ప్రొఫైల్‌లో మాస్టర్స్ అని పెట్టి, ఈసీఏలో మాత్రం పీజీ డిప్లొమా అని ఉంటే, పిలుపు వచ్చాక దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది. అది తప్పుడు సమాచారం ఇవ్వడమేనని అధికారులు నిర్ణయిస్తే కెనడాలోకి ఐదేళ్ల పాటు రానివ్వరు. నకిలీ పట్టా పెట్టినవారికీ ఇదే శిక్ష.

అదే బీటెక్, వేరే దేశం, వేరే ప్రశ్న

ఈసీఏ చేతిలో ఉంటే దాన్ని ఏ దేశానికైనా చూపవచ్చు అనుకోవడం సరికాదు. ఒక్కో దేశం ఒక్కో ప్రశ్న అడుగుతుంది. ఆస్ట్రేలియా నైపుణ్య వీసాకి వెళ్లేవారికి చదువు స్థాయి తెలిస్తే సరిపోదు. ఎంచుకున్న వృత్తికి ఆ చదువు, ఆ అనుభవం సరిపోతాయా అని ఆ వృత్తికి చెందిన సంస్థ తేల్చాలి. ఐటీ వారికి ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ, ఇంజినీర్లకు ఇంజినీర్స్ ఆస్ట్రేలియా ఈ పని చేస్తాయి. డిగ్రీ తాము నామినేట్ చేసుకున్న ఐటీ వృత్తికి దగ్గరదే అయినా, కంప్యూటర్ సొసైటీ తొలి రెండేళ్ల అనుభవాన్ని సాధారణంగా ‘నేర్చుకునే కాలం’గా భావించి లెక్కలోంచి తీసేస్తుంది. ఐదేళ్లు పనిచేసినవారికి పాయింట్ల దగ్గర మూడేళ్లే మిగులుతాయి. ఇంజినీర్స్ ఆస్ట్రేలియా మరో పని చేస్తుంది. తమకు గుర్తింపు ఒప్పందం లేని డిగ్రీలు ఉన్నవారిని తాము చేసిన ప్రాజెక్టుల గురించి వివరమైన నివేదికలు రాసి పంపమంటుంది. భారత్ 2014లో వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం తీసుకుంది. అయినా ఎన్‌బీఏ టైర్ వన్ గుర్తింపు ఉన్న కోర్సులకే ఆ ప్రయోజనం. కాబట్టి మన కాలేజీల్లో చాలా వాటి బీటెక్‌లకు నివేదికలు రాయక తప్పదు.

అమెరికాది ఇంకో కథ. అక్కడ ఉద్యోగ వీసాకి దరఖాస్తు చేసేది కంపెనీ. అది ఒక మదింపు సంస్థ చేత నివేదిక తెప్పిస్తుంది. కెనడాలో తేడా లేని మూడేళ్ల డిగ్రీ అమెరికాలో పెద్ద ప్రశ్న. భారత్‌లో చేసిన మూడేళ్ల డిగ్రీ అమెరికా బ్యాచిలర్స్‌కి సమానం కాదని 1977లోనే అక్కడి వలస శాఖ ఒక కేసులో తేల్చింది. ఇప్పటికీ ఆ నిర్ణయాన్ని ఉదహరిస్తారు. హెచ్-1బీ విషయంలో తక్కువైన ప్రతి ఒక ఏడాది చదువుకీ మూడేళ్ల ఉద్యోగ అనుభవాన్ని సమానంగా చూపే వీలుంది. గ్రీన్ కార్డు ఈబీ-2 వర్గానికి ఆ సర్దుబాటు పనిచేయదు. బీకాం తర్వాత ఐటీలో పదేళ్లు పనిచేసినవారు హెచ్-1బీ తేలిగ్గా తెచ్చుకుని, గ్రీన్ కార్డు దగ్గర ఆగిపోవడం అందువల్లే.

నివేదిక చెప్పనిది

కెనడా ఈసీఏలో ‘బ్యాచిలర్స్ డిగ్రీ’ అని వచ్చినంత మాత్రాన అక్కడ ఇంజినీరుగా, నర్సుగా, టీచరుగా పని చేసుకోవచ్చని కాదు. ఆ వృత్తులకు లైసెన్సు ఇచ్చేది ప్రావిన్సుల సంస్థలు. ఆంటారియోలో ప్రొఫెషనల్ ఇంజినీరు అనిపించుకోవాలంటే అక్కడి ఇంజినీర్ల సంస్థ దగ్గర మళ్లీ వేరే మదింపు చేయించుకోవాలి. ఇండియాలో చదివిన నర్సుల చదువును విడిగా పరిశీలించే జాతీయ సేవ ఒకటుంది. పీఆర్ వచ్చి దిగిన తర్వాత ఈ సంగతి తెలుసుకుని, ఏడాది రెండేళ్లు వేరే పనుల్లో గడిపేవారు ఉన్నారు. బయలుదేరే ముందే ఏ ప్రావిన్సుకి వెళుతున్నారో, అక్కడ ఆ వృత్తికి ఏం కావాలో చూసుకుంటే ఆ కాలం కలిసొస్తుంది. లైసెన్సు సంస్థలకు కూడా ట్రాన్‌స్క్రిప్ట్‌లు యూనివర్సిటీ నుంచే నేరుగా వెళ్లాల్సి ఉంటుంది. ఎగ్జామ్ బ్రాంచికి వెళ్లినప్పుడే మరో సెట్టు గురించి అడిగి రావడం తెలివైన పని.

కెనడాలో ఇప్పటికే పనిచేస్తున్నవారు కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్ దారిలో వెళితే ఈసీఏ తప్పనిసరి కాదు. కానీ ఇండియా డిగ్రీకి పాయింట్లు కావాలంటే అక్కడా ఈసీఏ ఉండాలి. కెనడాలో చేసిన చదువుకు మాత్రం మదింపు అక్కర్లేదు.

ఇక ఈసీఏకి గడువుంది. జారీ అయిన తేదీ నుంచి ఐదేళ్లు. ప్రొఫైల్ వేసినప్పుడు చెల్లుబాటులో ఉంటే చాలదు. పిలుపు వచ్చాక పీఆర్ దరఖాస్తు పెట్టే రోజున కూడా చెల్లుబాటులో ఉండాలి. 2021 ఏప్రిల్‌లో ఈసీఏ తీసుకున్నవారికి 2026 ఏప్రిల్ వరకే అది పనికొస్తుంది. ఫిబ్రవరిలో పిలుపు వస్తే దరఖాస్తు చేయడానికి 60 రోజులు ఇస్తారు. పోలీసు సర్టిఫికెట్లు, బ్యాంకు పత్రాలు సమకూర్చుకునేసరికి గడువు దాటిపోయే ప్రమాదం ఉంది. అలాంటివారు పిలుపు కోసం ఎదురుచూడకుండా ముందే అదే సంస్థను కొత్త నివేదిక అడగడం మేలు. పాత ఫైలు అక్కడే ఉంటుంది కాబట్టి యూనివర్సిటీకి మళ్లీ వెళ్లాల్సిన అవసరం చాలా వరకు రాదు.